భుజం మీద నక్షత్రాలు చదవడం ఎలా? పోలీసు, సైనిక యూనిఫాంలపై తరచుగా అడిగే ప్రశ్నలు

పత్రిక డెస్కులో ఫొటో క్యాప్షన్లు రాసేవాళ్ల దగ్గర మొదలైన ప్రశ్నలివి. ఏ బ్యాచ్ వచ్చినా అవే సందేహాలు. బయటివాళ్లూ ఇవే అడుగుతుంటారు: "మా ఊళ్లోకి వచ్చింది ఎస్సైనా, సీఐనా?", "ఈ ఫొటోలో ఉన్నది ఆర్మీ వాళ్లేనా?" అని. మనిషి పేరు తెలియకపోయినా, తెలిసి కూడా రాయదలచుకోకపోయినా, ఒంటి మీది గుర్తులను బట్టి ఏ శాఖ, ఏ హోదా అన్నది చాలావరకు చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో మనకు ఎదురయ్యే యూనిఫాంలనే ఇక్కడ ప్రధానంగా తీసుకున్నాను. ఏ ప్రశ్నకు ఆ జవాబు విడిగా చదువుకోవచ్చు.

## ముందు తేల్చాల్సింది: ఏ శాఖ?

ఖాకీ వేసుకున్నవాళ్లంతా పోలీసులేనా?

కాదు. క్యాప్షన్లలో ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. ఎక్సైజ్, అటవీ, జైళ్లు, అగ్నిమాపక శాఖల సిబ్బంది, రవాణా శాఖలో వాహనాలు తనిఖీ చేసే ఇన్‌స్పెక్టర్లు, ఆర్టీసీ డ్రైవర్లు, ఎన్‌సీసీ ఆర్మీ వింగ్ పిల్లలు, చివరికి ఆటో డ్రైవర్లు కూడా ఖాకీలోనే కనిపిస్తారు. రంగులో చిన్న చిన్న తేడాలుంటాయి కానీ ఫొటోలో వెలుగును బట్టి ఆ తేడా మారిపోతుంది. నాటుసారా బట్టీలు ధ్వంసం చేస్తున్న ఎక్సైజ్ సిబ్బందిని "పోలీసులు" అని రాస్తే, మర్నాడు ఉదయమే రెండు శాఖల నుంచీ ఫోన్లు వస్తాయి. రంగును బట్టి అనుమానించండి, నిర్ధారణకు మాత్రం వాడకండి.

మరి పోలీసే అని ఖాయం చేసుకోవడానికి ఏం చూడాలి?

నక్షత్రాల జోలికి వెళ్లకముందు మూడు చోట్ల చూడాలి. మొదటిది భుజం పట్టీ చివర, చేతి వైపున ఉండే లోహపు అక్షరాలు. ఐపీఎస్ అధికారికి IPS అని, రాష్ట్ర పోలీసులకు రాష్ట్రాన్ని తెలిపే అక్షరాలు, కేంద్ర బలగాలకు CRPF, CISF, RPF వంటివి ఉంటాయి. రెండోది చేతి మీద, భుజానికి కాస్త కింద కుట్టిన శాఖ చిహ్నం. మూడోది టోపీ మీది బిళ్ల. ఈ మూడింటిలో ఒకటి స్పష్టంగా కనిపించినా చాలు.

నక్షత్రాలు ముందు చూడొద్దనడానికి కారణం ఉంది. అవే నక్షత్రాలను పోలీసు, ఆర్మీ, కేంద్ర బలగాలు, ఎక్సైజ్ అందరూ వాడతారు. శాఖ తెలియకుండా నక్షత్రాలు లెక్కపెడితే మూడు స్టార్ల మనిషి సీఐ కావచ్చు, డీఎస్పీ కావచ్చు, ఆర్మీ కెప్టెన్ కూడా కావచ్చు.

తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు అంటే ట్రాఫిక్ పోలీసేనా?

మన రెండు రాష్ట్రాల నగరాల్లో అయితే అవును. హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నంలో కూడళ్ల దగ్గర కనిపించేది ఈ జతే. ఈ లెక్క రాష్ట్రం దాటితే పనికిరాదు. కోల్‌కతాలో నగర పోలీసుల యూనిఫామే తెలుపు, అక్కడ తెల్ల బట్టలు చూసి ట్రాఫిక్ అనుకుంటే తప్పు. మన దగ్గర కూడా తెల్ల చొక్కా చెప్పేది విధిని మాత్రమే, హోదాను కాదు. కానిస్టేబుల్ నుంచి పై అధికారుల దాకా ట్రాఫిక్ విభాగంలో అదే చొక్కా, హోదాకు భుజం చూడాల్సిందే.

మచ్చల డ్రెస్ ఉంటే ఆర్మీ అని రాసేయొచ్చా?

వద్దు. అడవిలో కూంబింగ్ ఫొటో అయితే అసలే వద్దు. 1989లో ఏర్పడిన గ్రేహౌండ్స్ రాష్ట్ర పోలీసు విభాగం, సైన్యం కాదు. సీఆర్‌పీఎఫ్ వాళ్లూ మచ్చల దుస్తులు వేస్తారు, కానీ అది కేంద్ర హోం శాఖ కింద పనిచేసే బలగం. సైన్యం రక్షణ శాఖ కిందిది. ఈ ముగ్గురినీ "జవాన్లు" అనొచ్చు కానీ "ఆర్మీ" అని ముగ్గురినీ అనకూడదు.

గుర్తుపట్టడానికి ఒక ఆధారం గుడ్డ నమూనా. 2022 జనవరి 15న ఆర్మీ డే పరేడ్‌లో సైన్యం కొత్త పోరాట దుస్తులు చూపించింది. వాటిలో మచ్చలు పాతవాటిలా పెద్ద పెద్ద మరకల్లా కాకుండా చిన్న చిన్న చదరాల్లా ఉంటాయి. అలాంటి గుడ్డలు బజార్లోనూ దొరుకుతాయి కాబట్టి, అక్షరాలో చేతి మీది చిహ్నమో కనిపించకపోతే "భద్రతా సిబ్బంది" అని ఆపేయడం మంచిది.

సైనిక దుస్తుల పోలిక ఎంత సున్నితమైన విషయమో 2019 నవంబరులో అందరూ చూశారు. రాజ్యసభలో మార్షల్స్‌కు సైనికాధికారుల్ని తలపించే కొత్త యూనిఫాం, టోపీ ఇచ్చారు. మాజీ సైన్యాధిపతులు అభ్యంతరం చెప్పారు. అప్పటి ఛైర్మన్ వెంకయ్యనాయుడు మర్నాడే పునఃపరిశీలనకు ఆదేశించారు.

విశాఖలో అచ్చం తెల్ల యూనిఫాంలో ఉండేవాళ్లకు నక్షత్రాలు కనిపించవేం?

నౌకాదళంలో అధికారుల హోదాను అడ్డ గీతలతో చూపిస్తారు. నల్లటి భుజం బిళ్ల మీద బంగారు రంగు గీతలుంటాయి, పైగీత ఒక సున్నాలా వంపు తిరుగుతుంది. రెండు గీతలు లెఫ్టినెంట్, మూడు కమాండర్, నాలుగు కెప్టెన్. వైమానిక దళానిదీ గీతల పద్ధతే కానీ నేపథ్యం నీలం, వంపు ఉండదు. అక్కడ నాలుగు గీతలుంటే గ్రూప్ కెప్టెన్.

మర్చంట్ నేవీ కెప్టెన్‌కూ, ప్రయాణికుల విమానం నడిపే కెప్టెన్‌కూ కూడా నాలుగు గీతలే ఉంటాయి. వాళ్లు సాయుధ దళాల వాళ్లు కారు. విమానాశ్రయంలో తీసిన ఫొటో అయితే ఎయిర్‌లైన్స్ బ్యాడ్జీ ఉందేమో ఒకసారి చూడండి.

కలెక్టర్ వెనకాల తెల్ల దుస్తుల్లో, ఎర్ర పట్టీతో నిలబడేది ఎవరు?

దఫేదార్. రెవెన్యూ సిబ్బందే, పోలీసు కాదు. ఛాతీ మీదుగా వేసిన అడ్డపట్టీ, దాని మీది ఇత్తడి బిళ్ల వల్లే పాతకాలంలో ఇలాంటి వాళ్లను బిళ్ల బంట్రోతులు అనేవారు. క్యాప్షన్‌లో "భద్రతా సిబ్బంది" అని రాయకండి.

## భుజం దగ్గర: నక్షత్రాలు, రిబ్బను, సింహాలు

మూడు స్టార్లు ఉంటే సీఐనా, డీఎస్పీనా?

ఎక్కువమంది అడిగేది ఇదే. దీనికి జవాబు నక్షత్రాల్లో లేదు, భుజం పట్టీ చివర కుట్టే ఎరుపు, నీలం గీతల చిన్న రిబ్బనులో ఉంది. ఆ రిబ్బను ఉంటే ఇన్‌స్పెక్టర్, లేకపోతే డీఎస్పీ. రెండు భుజాల మీదా అవే మూడు నక్షత్రాలు, ఒకే సైజు. వేలెడు వెడల్పు కూడా లేని ఆ గుడ్డ ముక్కే తేడా.

దీని వెనక ఉన్న ఏర్పాటు అర్థమైతే బట్టీ పట్టే పనే ఉండదు. పోలీసులో రిబ్బను ఉన్నంతవరకు ఒక మెట్ల వరస: ఒక నక్షత్రం ఏఎస్ఐ, రెండు ఎస్ఐ, మూడు ఇన్‌స్పెక్టర్. అక్కడితో నక్షత్రాలు నిండిపోతాయి. ఆ పైన డీఎస్పీ దగ్గర నక్షత్రాలు అలాగే మూడు ఉండి రిబ్బను పోతుంది. డీఎస్పీతో గెజిటెడ్ అధికారుల వరస మొదలవుతుంది కాబట్టి, ఆ రిబ్బను ఒక రకంగా ఈ రెండు వరసల మధ్య సరిహద్దు గీత.

అందుకే భుజాన్ని చేతి వైపు నుంచి మెడ వైపుకు చదవమంటాను. ముందు అక్షరాలు, తర్వాత రిబ్బను ఉందా లేదా, ఆ తర్వాతే నక్షత్రాల లెక్క. నక్షత్రాలతో మొదలుపెట్టినవాళ్లు మూడు కనిపించగానే సీఐ అని రాసేస్తారు, రిబ్బను చూడటం మర్చిపోతారు. సీఐని డీఎస్పీ అంటే ఎవరూ ఫోన్ చేయరు. డీఎస్పీని సీఐ అని రాస్తే మాత్రం తప్పకుండా చేస్తారు.

ఒక్క నక్షత్రమే ఉంది, రిబ్బను లేదు. ఎవరై ఉంటారు?

పోలీసులో అయితే చాలావరకు శిక్షణలో ఉన్న ఐపీఎస్ అధికారి. భుజం చివర IPS అక్షరాలు ఉన్నాయేమో చూడండి. మొదటి ఏడాది ఒక నక్షత్రం, రెండో ఏడాది రెండు నక్షత్రాలు వేసుకుంటారు. అదే నక్షత్రానికి రిబ్బను తోడైతే ఏఎస్ఐ. వయసు కూడా సాయపడుతుంది. ఏఎస్ఐలు చాలామంది కానిస్టేబుల్‌గా చేరి ఏళ్ల సర్వీసు తర్వాత ఆ నక్షత్రం అందుకున్నవాళ్లు, ఐపీఎస్ ట్రైనీలు ఇరవైల్లోనో ముప్పై దగ్గర్లోనో ఉంటారు. వయసును రిబ్బనుకు తోడుగా వాడుకోండి కానీ దాని బదులు వాడకండి.

నక్షత్రాలు లేవు, చేతి మీద వీ ఆకారంలో మూడు గీతలున్నాయి. అంటే?

హెడ్ కానిస్టేబుల్. ఏ గుర్తూ లేకపోతే కానిస్టేబుల్. ఆర్మీలో అయితే అవే మూడు గీతలు హవల్దార్‌వి, రెండు నాయక్‌వి, ఒకటి లాన్స్ నాయక్‌ది.

సింహాల బొమ్మ ఉంటే ఎస్పీ అనుకోవచ్చా?

సింహాలు, అంటే అశోక స్తంభ చిహ్నం, ఒక్కటే ఉంటే అదనపు ఎస్పీ. దాని పక్కన ఒక నక్షత్రం చేరితే ఎస్పీ. సింహాలు మెడ వైపు, నక్షత్రం చేతి వైపు ఉంటాయి. సింహాలతో మూడు నక్షత్రాలుంటే డీఐజీ.

చిక్కంతా మధ్యలో ఉన్న రెండు నక్షత్రాల దగ్గర వస్తుంది. "మా జిల్లా ఎస్పీ భుజం మీద రెండు స్టార్లున్నాయి, ప్రమోషన్ వచ్చిందా?" అని అడుగుతుంటారు. పోస్టు మారలేదు. సర్వీసు పెరిగి సెలెక్షన్ గ్రేడ్ అందుకున్న ఎస్పీలకు రెండో నక్షత్రం వస్తుంది. పక్కపక్క జిల్లాల ఎస్పీల్లో ఒకరికి ఒకటి, ఒకరికి రెండు కనిపించడం మామూలే. క్యాప్షన్‌లో ఇద్దరూ ఎస్పీలే.

కత్తి, దండం ఒకదాని మీద ఒకటి అడ్డంగా ఉంటే?

ఐజీ, ఆ పైవాళ్లు. కత్తి దండంతో పాటు ఒక నక్షత్రం ఉంటే ఐజీ. నక్షత్రం బదులు సింహాలుంటే అదనపు డీజీ లేదా డీజీ. ఈ చివరి ఇద్దరి గుర్తు ఒకటే. కాబట్టి భుజం చూసి రాష్ట్ర పోలీసు బాస్ అని చెప్పలేం. "డీజీ లేదా అదనపు డీజీ హోదా అధికారి" అనేంతవరకే ఫొటో చెబుతుంది.

ఆర్మీలోనూ ఇవే గుర్తులు కదా, ఎలా సరిపోల్చుకోవాలి?

గుర్తులు ఒకటే, పేర్లు వేరు. రిబ్బను లేకుండా రెండు నక్షత్రాలు లెఫ్టినెంట్, మూడు కెప్టెన్. సింహాలు ఒక్కటే మేజర్, వాటికి ఒక నక్షత్రం చేరితే లెఫ్టినెంట్ కల్నల్, రెండైతే కల్నల్, మూడైతే బ్రిగేడియర్.

ఆర్మీలోనూ ఒక రిబ్బను ఉంది. జూనియర్ కమిషన్డ్ అధికారులు వేసుకునే దాని రంగులు ఎరుపు, పసుపు. దానితో ఒక నక్షత్రం నాయబ్ సుబేదార్, రెండు సుబేదార్, సింహాలుంటే సుబేదార్ మేజర్. సికింద్రాబాద్‌లో రోజూ కనిపించే సైనికాధికారుల్లో సింహాలున్న ప్రతివారినీ మేజర్ అనేస్తుంటారు. రిబ్బను ఉంటే ఆయన సుబేదార్ మేజర్, దశాబ్దాల సర్వీసు తర్వాత అక్కడికి చేరిన మనిషి.

రెజిమెంటును భుజం అక్షరాలను బట్టి, బెరెట్ టోపీ రంగును బట్టి పోల్చుకోవచ్చు. మెరూన్ పారాచూట్ దళానిది, నలుపు యుద్ధ ట్యాంకుల దళానిది. ఇదంతా కల్నల్ దాకానే. 2023 ఆగస్టు 1 నుంచి బ్రిగేడియర్, ఆపై అధికారులు ఏ రెజిమెంటు నుంచి వచ్చినా ఒకే రకం టోపీ, బ్యాడ్జీలు ధరిస్తున్నారు. కాబట్టి ఇప్పటి ఫొటోలో బ్రిగేడియర్ రెజిమెంటు వెతకడం దండగ.

కాలర్ మీద రంగు ముక్కలు దేనికి?

పెద్ద అధికారి అని దూరం నుంచే తెలియడానికి. ఆర్మీలో కల్నల్ నుంచి పైకి ఎర్రవి, పోలీసులో ఉన్నతాధికారులకు ముదురు నీలానివి. భుజం కనిపించని ఫొటోలో కనీసం శాఖను తేల్చడానికి ఇవి పనికొస్తాయి.

## హోదా తెలిసింది, పోస్టు చెప్పొచ్చా?

ఇన్‌స్పెక్టర్ అని తేలింది. ఎస్‌హెచ్‌ఓ అని రాయొచ్చా?

ఫొటో ఒక్కటే ఆధారమైతే రాయకూడదు. బ్యాడ్జీ హోదాను చెబుతుంది, ఆ మనిషి ఏ కుర్చీలో ఉన్నాడో చెప్పదు. హైదరాబాద్ నగరంలో స్టేషన్ హౌస్ ఆఫీసర్ ఇన్‌స్పెక్టరే. మండల కేంద్రంలో చాలా స్టేషన్లకు ఎస్సై ఎస్‌హెచ్‌ఓగా ఉంటారు, కొన్ని స్టేషన్లు కలిపిన సర్కిల్‌ను చూసే ఇన్‌స్పెక్టర్‌ను సీఐ అంటారు. అదే మూడు నక్షత్రాలు, అదే రిబ్బనుతో స్పెషల్ బ్రాంచిలోనో సీసీఎస్‌లోనో పనిచేసే ఇన్‌స్పెక్టర్ చేతిలో స్టేషనే ఉండదు. "ఇన్‌స్పెక్టర్ హోదా అధికారి" అని రాస్తే ఎప్పుడూ తప్పు కాదు.

పైస్థాయిలోనూ ఇదే కథ. పోలీస్ కమిషనర్ అనేది పోస్టు. ఆ పోస్టులో ఐజీ హోదా వారు ఉండొచ్చు, అదనపు డీజీ హోదా వారూ ఉండొచ్చు. కమిషనర్‌కు ప్రత్యేకమైన బ్యాడ్జీ అంటూ లేదు.

ఏసీపీకీ డీఎస్పీకీ బ్యాడ్జీలో తేడా ఏంటి?

ఏమీ లేదు. కమిషనరేట్ పరిధిలో ఏసీపీ అంటారు, జిల్లాలో డీఎస్పీ అంటారు. అలాగే డీసీపీ భుజం మీదా ఎస్పీ గుర్తులే. ఫొటో ఎక్కడ తీశారో తెలిస్తే సరైన పేరు వాడొచ్చు. సబ్ డివిజన్‌లో పనిచేసే కుర్ర ఐపీఎస్ అధికారికి కూడా రిబ్బను లేని మూడు నక్షత్రాలే ఉంటాయి, అప్పుడు IPS అక్షరాలు చూసి ఏఎస్పీ, అంటే అసిస్టెంట్ ఎస్పీ, అనాలి.

ఆర్‌ఐ, ఆర్‌ఎస్‌ఐ అంటుంటారు. వాళ్ల బ్యాడ్జీలు వేరా?

నక్షత్రాలు, రిబ్బను మామూలు ఇన్‌స్పెక్టర్, ఎస్సైలకు ఉన్నట్టే ఉంటాయి. వాళ్లు సాయుధ రిజర్వ్ లేదా బెటాలియన్ విభాగాల వాళ్లు. బందోబస్తు, ఎస్కార్ట్, పరేడ్ వాళ్ల పని, సాధారణంగా కేసుల దర్యాప్తు కాదు. అందుకే బందోబస్తు ఫొటోలో రెండు నక్షత్రాల అధికారిని "స్థానిక ఎస్సై" అని రాసే ముందు ఒకసారి ఆగాలి.

హోంగార్డును ఎలా గుర్తుపట్టాలి?

ఖాకీ ఉంటుంది, నక్షత్రాలూ గీతలూ ఉండవు, హోంగార్డు అని తెలిపే బ్యాడ్జీ ఉంటుంది. దూరం నుంచి చూస్తే కానిస్టేబుల్‌కూ హోంగార్డుకూ తేడా తెలియదు, బ్యాడ్జీ దగ్గరగా కనిపిస్తేనే చెప్పాలి. హోంగార్డు స్వచ్ఛంద సేవ కింద పనిచేసే మనిషి, జీతభత్యాలు వేరు. ప్రమాదంలో ఎవరైనా చనిపోయిన వార్తల్లో ఈ తేడా వాళ్ల కుటుంబానికి చాలా పెద్దది.

## ఫొటో మోసం చేసే చోట్లు

భుజం సగమే కనిపిస్తోంది. రెండు నక్షత్రాలున్నాయి, ఎస్సై అనొచ్చా?

కనిపించేవి రెండు అని మాత్రమే అనగలం. మెడ దగ్గరి నక్షత్రం కాలర్ కింద దాక్కోవడం, చేతి దగ్గరి రిబ్బను వంపులో నీడపడి నల్లగా కనిపించడం తరచూ జరిగేవే. నక్షత్రాల మధ్య దూరం చూడండి. పట్టీ మీద మెడ వైపు చాలా ఖాళీ మిగిలి ఉంటే నిజంగానే రెండు. కాలర్ అంచు రెండో నక్షత్రాన్ని తాకుతూ ఉంటే మూడోది ఉందేమో అనుమానించాలి. రెండో భుజం కనిపించే ఇంకో ఫొటో అడగడం అన్నిటికన్నా తేలిక, ఫొటోగ్రాఫర్లు ఎప్పుడూ ఒక్క ఫ్రేముతో ఆగరు.

మెడల్స్ కుడివైపు ఉన్నాయి. యూనిఫాం నకిలీదా?

ముందు ఫొటో తిరగబడిందేమో చూడండి. పతకాల రిబ్బన్లు ఎడమ ఛాతీ మీద, నేమ్‌ప్లేట్ కుడివైపు ఉంటాయి. కొన్ని ఫోన్లలో సెల్ఫీ అద్దంలో బొమ్మలా సేవ్ అవుతుంది. నేమ్‌ప్లేట్ అక్షరాలు, చొక్కా గుండీల వైపు కూడా తారుమారైతే తప్పు కెమెరాది.

సినిమాల్లో చూపించే యూనిఫాంలను బట్టి నేర్చుకోవచ్చా?

వద్దు బాబూ. ఎస్పీ పాత్రకు రిబ్బను, సీఐ పాత్రకు IPS అక్షరాలు పెట్టిన సన్నివేశాలు బోలెడు.

## పేరు లేకుండా రాయడం

పేరు రాయకుండా క్యాప్షన్ ఎలా రాయాలి? ఒక ఉదాహరణ చెప్పండి.

ఇలాంటి ఫొటో ఒకటి ఊహించుకోండి. విజయవాడలో వర్షంలో ఆగిపోయిన బస్సును నలుగురు తోస్తున్నారు. మొదటి మనిషిది తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు, రెండు నక్షత్రాలు, రిబ్బను. రెండో మనిషిది ఖాకీ, రాష్ట్ర పోలీసు అక్షరాలు, మూడు నక్షత్రాలు, భుజం అంచు స్పష్టంగా కనిపిస్తోంది, రిబ్బను లేదు. మూడో మనిషి ఖాకీ చొక్కా మీద ఏ గుర్తూ లేదు, చేతి చిహ్నం తడిసి మడతపడింది. నాలుగో మనిషి ఖాకీలోనే ఉన్నాడు, జేబు దగ్గర ఆర్టీసీ బ్యాడ్జీ ఉంది.

మొదటాయన ట్రాఫిక్ ఎస్సై. రెండో ఆయన డీఎస్పీ హోదా, విజయవాడ కమిషనరేట్ కాబట్టి ఏసీపీ. నాలుగో ఆయన ఆర్టీసీ ఉద్యోగి, డ్రైవరో కండక్టరో ఫొటో చెప్పదు. మూడో మనిషి దగ్గరే కొత్తవాళ్లు జారిపోతారు. పక్కన ఇద్దరు పోలీసులున్నారు కాబట్టి కానిస్టేబుల్ అనేస్తారు. హోంగార్డు కావచ్చు, ఆర్టీసీ మనిషే కావచ్చు. కాబట్టి క్యాప్షన్ ఇలా ఉండాలి: "విజయవాడలో వర్షానికి నిలిచిపోయిన బస్సును తోస్తున్న ఏసీపీ, ట్రాఫిక్ ఎస్సై, ఆర్టీసీ ఉద్యోగి, మరొకరు." ఆ "మరొకరు" అన్న మాట చాలామందికి నచ్చదు, కానీ అక్కడ మనకు తెలిసింది అంతే.

పేరు వద్దనుకున్నప్పుడు నేమ్‌ప్లేట్‌ను కూడా మసకబార్చాలి. హోదాతో పాటు ఫలానా స్టేషన్ అని రాస్తే పేరు రాసినట్టే, ఎందుకంటే ఒక సబ్ డివిజన్‌కు ఏసీపీ ఒక్కరే ఉంటారు.

నాతో దురుసుగా ప్రవర్తించిన అధికారి పేరు తెలియదు. ఫిర్యాదులో ఏం రాయాలి?

చూసింది చూసినట్టు రాయండి, హోదాను ఊహించి రాయొద్దు. "సీఐ గారు" అని రాసి, తీరా అది ఎస్సై అయితే, ఆ రోజు ఆ సీఐ అక్కడ లేరన్న ఒక్క మాటతో ఫిర్యాదు పక్కకు పోయే ప్రమాదముంది. "ఖాకీ యూనిఫాం, భుజం మీద రెండు నక్షత్రాలు, చివర ఎరుపు నీలం రిబ్బను" అని రాస్తే ఆ చిక్కు రాదు. తేదీ, సమయం, చోటు, వాహనం నంబరు చేర్చండి. ఏ సమయంలో ఎవరు ఎక్కడ డ్యూటీలో ఉన్నారో స్టేషన్ జనరల్ డైరీలో నమోదవుతుంది కాబట్టి, మనిషిని తేల్చడం శాఖ పని.

అరెస్టు జరిగితే విషయం వేరు. అరెస్టు చేసే పోలీసు అధికారి తన పేరు స్పష్టంగా కనిపించే గుర్తింపు ధరించి ఉండాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత 36వ సెక్షన్ చెబుతోంది. అప్పుడు పేరు చూసుకునే హక్కు మీకుంది.

వీడియో కాల్‌లో పోలీసు యూనిఫాంలో ఒకాయన "డిజిటల్ అరెస్ట్" అంటున్నాడు. బ్యాడ్జీ చూసి అసలా నకిలీనా చెప్పగలమా?

చూడనక్కర్లేదు, కాల్ కట్ చేయండి. వీడియో కాల్‌లో అరెస్టు చేసే పద్ధతి చట్టంలోనే లేదు, ఎదుటివాడి భుజం మీద ఏమున్నా సరే. ఇలాంటి వేషాల్లో రాష్ట్ర పోలీసు అక్షరాలతో సింహాలు పెట్టుకుని కింద రిబ్బను కూడా తగిలించడం వంటి పొరపాట్లు ఉండొచ్చు. కానీ తప్పు లేకుండా కుట్టించుకున్న యూనిఫాం కూడా బజార్లో దొరుకుతుంది, కాబట్టి బ్యాడ్జీ సరిగ్గా ఉండటం నిజాయితీకి రుజువు కాదు. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయాలి. మోసపుచ్చే ఉద్దేశంతో ప్రభుత్వోద్యోగి దుస్తులు వేసుకోవడం భారతీయ న్యాయ సంహిత 205వ సెక్షన్ కింద నేరం.

## పాత ఫొటోలు

తాతగారి ఫొటోలో భుజం మీద కిరీటం ఉంది. ఏ కాలంది?

1950 జనవరి 26కు ముందుది. సింహాలున్న చోట అంతకుముందు బ్రిటిష్ కిరీటం ఉండేది. ఆర్మీ లెక్కలో కిరీటం ఒక్కటే ఉంటే మేజర్ హోదా. నక్షత్రాలు కూడా మారాయి. పాతవి నాలుగు మూలల బిళ్లల్లా ఉంటాయి, ఇప్పటివి అయిదు మొనలవి. కిరీటం కనిపించనంత పాడైన ఫొటోలో కూడా నక్షత్రం ఆకారం చూసి కాలాన్ని అంచనా కట్టొచ్చు.

కుటుంబం తెలంగాణ వైపు, లేదా పాత హైదరాబాద్ రాజ్యంలోని ఇతర జిల్లాలది అయితే ఈ లెక్క నేరుగా పట్టదు. 1948 సెప్టెంబరు దాకా నిజాం రాజ్యానికి సొంత సైన్యం, సొంత పోలీసు ఉండేవి, వాటి చిహ్నాలూ వేరు. అలాంటి ఫొటోకు బ్రిటిష్ ఇండియా పట్టికతో హోదా చెప్పకూడదు.

ఇంట్లో అందరూ "తాతగారు జమేదార్" అంటారు. ఫొటోలో ఒక నక్షత్రం, రిబ్బను ఉన్నాయి. సరిపోతుందా?

ఆర్మీ ఫొటో అయితే సరిపోతుంది. ఇప్పుడు నాయబ్ సుబేదార్ అంటున్న హోదాకు 1965 దాకా జమేదార్ అనే పేరు. అదే ఒక నక్షత్రానికి రిబ్బను లేకపోతే ఆయన సెకండ్ లెఫ్టినెంట్ అయి ఉండాలి. ఆ హోదా ఇప్పుడు లేదు కాబట్టి ఇప్పటి పట్టికల్లో వెతికితే దొరకదు. నలుపు తెలుపు ఫొటోలో రిబ్బను రంగు తెలియదు, పట్టీ చివర లేత, ముదురు చారలు కనిపిస్తున్నాయో లేదో భూతద్దంతో చూడాలి. ఫొటో వెనక స్టూడియో ముద్ర, ఊరి పేరు ఉంటే వాటినీ రాసిపెట్టుకోండి. యూనిట్ ఏదో వెతికేటప్పుడు ఆ ఊళ్లో అప్పుడు ఏ రెజిమెంటు ఉందన్నదే మొదటి ఆధారం.